బెంగాలీలో ఉత్తరం: కాబోయే భార్యను ఎలా సంబోధించాలి?

నాకు కాబోయే భార్యది కోల్‌కతా. మేం రోజూ ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. పెళ్ళికి ముందు ఒక్క ఉత్తరమైనా ఆమె భాషలో, నా చేత్తో రాయాలని ఉంది. బెంగాలీ తెలిసినవారు దయచేసి సరిచూడండి.

మొదటి చిక్కు క్రియతో వచ్చింది. ‘నువ్వంటే నాకు ఇష్టం’ అనబోయి, ఆమెకు పంపిన సందేశంలో ‘ఆమి తోమాకే భాలో లాగే’ అని రాశాను. ‘ఆమి కాదు, ఆమార్’ అని ఆమె దిద్దింది. ‘తోమాకే ఆమార్ భాలో లాగే’ అనాలట. మన ‘నాకు’ ఉండే చోట వాళ్ళు ‘నా’ అంటారన్నమాట. ‘భాలోబాషా’ అనే క్రియకైతే ‘నేను’ కర్తగా నిలుస్తుంది: ‘ఆమి తోమాకే భాలోబాషి’. నాకు అర్థమైనంతలో మొదటిది నచ్చడం, రెండోది ప్రేమించడం. ఉత్తరంలో రెండోదే రాస్తాను. చివర ‘చిరకాల్ భాలోబాష్‌బో’ (ఎప్పటికీ ప్రేమిస్తాను) అంటే సహజంగా ఉంటుందా, పుస్తకాల భాషలా ఉంటుందా?

ఇక సంబోధన. ‘ప్రియతమాసు’ అని మొదలుపెట్టవచ్చని చదివాను. సంస్కృతపు వాసన మనకు చుట్టమే కాబట్టి నాకు బాగా నచ్చింది, కానీ ఈ కాలపు అమ్మాయికి అది పాతబడినట్టు తోస్తుందా? ‘షోనా’ అంటే బంగారం. మనం ‘బంగారం’ అన్నట్టే పిల్లలనూ, ప్రేమించినవారినీ అలా పిలుస్తారట. ఉత్తరం మొదట్లో ‘ప్రియతమాసు’, మధ్యలో ఒకచోట ‘షోనా’ వాడితే పొసగుతుందా? మేం ఒకరినొకరు ‘తుమి’, అంటే ‘నువ్వు’ అనే పిలుచుకుంటాం.