అప్‌డేట్: నాన్న చేతి మీద స్పర్శ లేని మచ్చ

"నాన్న ముంజేతి మీద పాలిపోయిన మచ్చ, గిల్లినా తెలియట్లేదు. కుష్టేనా? పిల్లలకు అంటుతుందా?" అని అడిగాను కదా.

కుష్టే, కానీ తొలిదశ. పీహెచ్‌సీలో డాక్టర్ నాన్న కళ్లు మూయించి, బాల్‌పెన్ మొనతో తాకుతూ, తాకినచోట వేలు పెట్టమన్నారు. మచ్చ మధ్యలో తాకింది తెలియనే లేదు. మచ్చ ఒక్కటే, నరాలు ఉబ్బలేదు కాబట్టి 6 నెలలు ఎండీటీ, అంటే కుష్టుకు కలిపి ఇచ్చే పలు మందుల మాత్రలు, ఉచితంగా. పూర్తిగా వాడితే జబ్బు నయమవుతుంది, స్పర్శ మాత్రం మొత్తం తిరిగి రాకపోవచ్చు.

మందు మొదలయ్యాక అంటించే అవకాశం త్వరగా పోతుంది. కంచం, మంచం వేరు చేయక్కర్లేదు. ఇంట్లో అందరి చర్మం పరీక్షించి, టీబీ లక్షణాలు లేవని చూసి, ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇచ్చారు. దాంతో ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. కొత్త మచ్చల కోసం చూస్తూనే ఉండాలి.

మచ్చ ఎర్రగా ఉబ్బినా, మోచేతి నరం నొప్పెట్టినా అది రియాక్షన్ కావచ్చు, అంటే కుష్టు క్రిముల మీద ఒంటి ప్రతిస్పందన. మాత్రలు ఆపకుండా వెంటనే చూపించాలి, ఆలస్యమైతే వేళ్లు వంకరపోవచ్చు.