ఐదుగురిలో ఒక్కరికే వచ్చిన ఇబ్బందిని ముందు సరిచేయాలా, వదిలేయాలా?

తెనాలి లక్ష్మి:
మా ఊళ్లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి వెబ్‌సైట్ చేస్తున్నాం. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లేందుకు బుకింగ్. డ్రాఫ్టు లింకు ఐదుగురికి వాళ్ల ఫోన్లలోనే ఇచ్చి, "రేపు మీకు పరగడుపు షుగర్ టెస్టు చేయించుకోవాలి, బుక్ చేయండి" అని పక్కన కూర్చుని చూశా. స్క్రీన్ రికార్డింగులూ ఉన్నాయి. రేట్ల అక్షరాలు పలచగా ఉన్నాయని నలుగురు అన్నారు. ముగ్గురు "టెస్టులు" బదులు "ప్యాకేజీలు" నొక్కి వెనక్కొచ్చారు. ఇద్దరు పుట్టినతేదీ దగ్గర తడబడ్డారు. ఒకావిడ మాత్రం ఉదయం 11 గంటల టైము పెట్టుకుని, "టిఫిన్ చేసి రెడీగా ఉంటాను" అన్నారు. ఎక్కువమందికి వచ్చినవి పైన పెట్టి వరస రాశా. చేతిలో ఉన్నది రెండు రోజులు. ఒక్కరికే వచ్చిందాన్ని వదిలేయమంటున్నారు ఓనరు గారు. వదిలేయనా?

నవీన్ డిజైన్స్:
వదిలేయండి అక్కా. వెబ్‌సైట్ల వాడకం నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, ఐదుగురితో చూస్తే 85 శాతం సమస్యలు బయటపడతాయని. ఆ 85 మీకు వచ్చేశాయి. ఇక ఒకరంటే 20 శాతం, నలుగురంటే 80 శాతం. ఏది ముందో చూడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాకినాడ టిఫిన్స్:
ఐదుగురేంటండీ, మరీ! మా హోటల్ సైట్లో ఫామ్ పెడితే 200 మంది నింపారు. అందరూ "బాగుంది" అనే అన్నారు. అయినా ఆర్డర్లు మాత్రం ఫోన్లోనే చెబుతారు, అదేంటో మరి. ఫామ్ పెట్టి చూడండి.

శారద, విశాఖ:
టిఫిన్స్ వారూ, మీ జవాబు మీ ఫోన్ ఆర్డర్ల మాటలోనే ఉంది. బాగుందన్న 200 మంది సైటు వదిలి ఫోన్ ఎందుకు చేస్తున్నారో ఫామ్ చెప్పదు. ఒక్కరు ఆర్డర్ పెట్టబోతుంటే పక్కన కూర్చుని చూడండి, తెలుస్తుంది.

నవీన్, ఆ 85 ఊరికే రాలేదు. ఒక్కో సమస్య సగటున 31 శాతం మందికి ఎదురవుతుంది అన్న లెక్క మీద వచ్చింది. నూటికి పదిమందికే వచ్చే సమస్య అయితే, ఐదుగురిలో ఒక్కరిలోనైనా కనబడే అవకాశం 41 శాతమే. లారా ఫాక్నర్ 2003లో 60 మందితో చేసిన పరీక్షలోంచి ఐదేసిమందిని కలగాపులగంగా ఏరి చూస్తే, కొన్ని గుంపులకు దాదాపు అన్నీ దొరికాయి, ఒక గుంపుకు 55 శాతమే దొరికాయి. నీల్సన్ చెప్పింది కూడా ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ ఐదుగురితో చూడమని. మనవాళ్లు మొదటి ముక్క పట్టుకుని ఆగిపోతారు.

ఇక "ఒకరంటే 20 శాతం" సంగతి. ఊళ్లో నూటికి ఐదుగురికే ఆ ఇబ్బంది ఉన్నా మీకు ఐదుగురిలో ఒకరే కనబడొచ్చు, సగంమందికి ఉన్నా ఒకరే కనబడొచ్చు. అందుకే ఇంత చిన్న లెక్కతో వరస పెట్టకూడదు.

లక్ష్మి గారూ, నన్నడిగితే ఒక్కోదానికీ రెండు చూడండి. ఆ ఇబ్బంది వస్తే మనిషికి ఏమవుతుంది? తనంతట తాను బయటపడ్డాడా? ప్యాకేజీలు నొక్కినవాళ్లు వెనక్కి వచ్చేశారు, పోయింది పది సెకన్లు. టిఫిన్ చేసి కూర్చున్నావిడకి తప్పు జరిగిందని కూడా తెలియదు. శాంపిల్ తీసే అబ్బాయి అడక్కపోతే తప్పుడు రిపోర్టు, అడిగితే వట్టి చేతులతో వెనక్కి. ఇంకో పని చేయండి. మిగతా నలుగురూ పరగడుపు సూచన చదివే పొద్దున టైము పెట్టారా, అలవాటుకొద్దీ పెట్టారా? రికార్డింగుల్లో అదొక్కటీ చూసి చెప్పండి.

తెనాలి లక్ష్మి:
ఇప్పుడే చూశాను. ఆ సూచన "బుక్ చేయి" బటన్ కింద ఉంది. నలుగురిలో ఒక్కాయనే అక్కడిదాకా జరిపాడు. మిగతా ముగ్గురు 7 గంటలు, 7:30 పెట్టి బటన్ నొక్కేశారు, దాని కింద ఏముందో చూడనే లేదు. అంటే చదవనివాళ్లు నలుగురు! నేను రాసుకున్నది మాత్రం "ఒకరు".

పుట్టినతేదీది కూడా చెప్తాను. క్యాలెండరు ఈ నెల దగ్గర తెరుచుకుంటుంది. 62 ఏళ్ల పెద్దాయన వెనక్కి బాణం ఒక్కో నెలా నొక్కుకుంటూ పోయాడు. నలభై దాకా నొక్కాక "పైన సంవత్సరం మీద నొక్కండి బాబాయ్" అని నేనే చెప్పేశాను, చూడలేక.

శారద, విశాఖ:
నలభైకి ఆపారు కాబట్టి సరిపోయింది, లేకపోతే 744 నొక్కులు! మీరు చెప్పిన ఆ క్షణాన్ని "పూర్తి చేయలేకపోయారు" అని రాసుకోండి. రేపు ఇంట్లో మీరు పక్కన ఉండరు. అసలు ల్యాబ్‌కి పుట్టినతేదీ కావాలా, వయసు చాలా? వయసు చాలంటే క్యాలెండరే తీసేయండి, అరగంట పని.

పలచని అక్షరాల మాట ఆ నలుగురూ వాళ్లంతట వాళ్లే అన్నారా?

తెనాలి లక్ష్మి:
లేదండీ, చివర్లో "ఎలా ఉంది?" అని నేనడిగాక అన్నారు. రేటు ఎంతో మాత్రం అందరూ సరిగ్గానే చెప్పారు.

శారద, విశాఖ:
అయితే అది అభిప్రాయం. అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా పాపం. రంగు ముదురు చేయడం ఒక్క లైను పనే కాబట్టి చేసేయండి, కానీ వరసలో మొదట కాదు.

కోడు రాసే కిషోర్:
శారద గారు చెప్పిందాంట్లో నాకు భయం ఒకటుంది. పోయిన ఏడాది ఒకే ఒక్కావిడ తికమక పడిందని మెనూ మొత్తం మార్చాం. తర్వాతి పరీక్షలో ఐదుగురూ తికమక పడ్డారు. ఒక్కరి ఇబ్బంది పెద్దదని తోచిన ప్రతిసారీ సైటు తిరగేస్తే మేమెక్కడ పోవాలి? పైగా ఈ టెస్టుకి 11 గంటల టైము కనబడకుండా చేయమంటే టైముల టేబుల్ మార్చాలి, రెండు రోజుల్లో తేలదు.

శారద, విశాఖ:
భయం సబబే. అందుకే ఎంతమంది అని కాకుండా ఎందుకు జరిగిందని అడిగాను. మీ మెనూ విషయంలో ఆవిడ ఎందుకు తడబడిందో తెలిసిందా? ఇక్కడైతే కారణం కళ్లముందుంది, సూచన బటన్ కింద ఉంది. టైములు తీయొద్దు, సూచనను టైముల పైకి జరపండి: "ఈ టెస్టుకి శాంపిల్ ఇచ్చే ముందు కనీసం 8 గంటల పాటు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు". టేబుల్ ముట్టుకోనక్కర్లేదు.

కోడు రాసే కిషోర్:
మెనూ సంగతి... అడగలేదండీ, నిజమే. కానీ సూచన పైకి జరిపినంత మాత్రాన చదువుతారా? మనవాళ్లు ఎర్ర అక్షరాలే చదవరు. 11 తీసేస్తేనే ఖాయం అనిపిస్తోంది నాకు.

తెనాలి లక్ష్మి:
తీయడానికి ఓనరు గారు ఒప్పుకోరు. రాత్రి డ్యూటీ చేసి పొద్దెక్కి లేచేవాళ్లు 11కే అడుగుతారట. వాళ్లకి అప్పటికీ పరగడుపే.

నా వరస మార్చాను. సూచన టైముల పైకి, తర్వాత వయసు గడి, తర్వాత అక్షరాల రంగు. ప్యాకేజీల సంగతి తర్వాతి విడతకి. ఎల్లుండి సాయంత్రం కొత్త డ్రాఫ్టుతో ఇంకో ముగ్గుర్ని చూస్తా. ఈసారి షుగర్ ఉన్న పెద్దవాళ్లనే, అమ్మానాన్నలకి బుక్ చేసిపెట్టే పిల్లల్ని కాదు. మొదటిసారి ఐదుగురిలో ముగ్గురు ఆ పిల్లలే. టైము పెట్టాక "రేపు పొద్దున లేచాక ఏం చేస్తారు?" అని అడుగుతా. టిఫిన్ మాట వస్తే కిషోర్ గారిదే కరెక్టు.

నవీన్ డిజైన్స్:
ముగ్గురేనా? ఐదు అనుకున్నాం కదా 🙂