దీపావళి సన్నాహాలు: గుడి కమిటీకి డెమో కోసం రాయవలసిన లేఖ

టికెట్ల బృందం: అందరికీ నమస్కారం. నవంబర్ 7న మన దీపావళి సంబరాల్లో వాడబోయే టికెట్, భోజన కూపన్ల స్కానింగ్ యాప్‌ను పొరుగు ఊరి గుడి కమిటీ కూడా రుసుము చెల్లించి తీసుకుంటే, సర్వర్ ఖర్చు మన ఒక్కరి మీదే పడదు. ఆగస్టులో వారికి నేను రాసిన లేఖకు జవాబు రాలేదు. "మీకు వీలున్నప్పుడు ఒకసారి చూపిస్తాము" అని రాశానే తప్ప ఎంతసేపు పడుతుందో, ఎలా కలుస్తామో చెప్పలేదు. మళ్లీ రాసే ముందు మీ సలహా కోరుతున్నాను.

స్టాళ్ల బాధ్యులు: డెమోకు వేదిక మీద సమయం కేటాయించమంటున్నారా? సాయంత్రం 5 తరువాత అన్నీ పిల్లల నృత్యాలే కాబట్టి, ప్రొజెక్టర్ కావాలంటే ముందుగానే చెప్పండి.

టికెట్ల బృందం: వేదిక మీద కాదండీ. గుడి కమిటీ వారికి విడిగా చూపించడానికి వారి సమయం అడుగుతున్నాము.

భోజనాల బృందం: వారిలో పెద్దవారు ఎక్కువ కనుక ఫోన్ చాలు, వీడియో అనవసరం. నిడివి కూడా రాయకండి. 20 నిమిషాలని రాస్తే వారి ప్రశ్నలు మధ్యలోనే ఆగిపోతాయి.

పూర్వ కార్యదర్శి: ఫోన్ సంగతిలో మీరన్నది సగం నిజం. ఎలా కలవాలో వారినే ఎంచుకోనివ్వాలి కానీ, స్కాన్ చేయడం కంటికి కనబడవలసిన పని. ఫోన్ ఎంచుకుంటే ముందురోజే 6 నమూనా టికెట్లు, పరీక్ష లాగిన్ పంపి, మనం మాట్లాడుతుండగా వారే స్కాన్ చేసుకునేలా చూడాలి. మాట్లాడే ఫోన్‌తోనే స్కాన్ చేయడం కష్టం కాబట్టి రెండో ఫోన్ దగ్గర ఉంచుకోమని లేఖలోనే చెప్పాలి.

నిడివి మాత్రం తప్పక రాయాలి, అందులో ప్రశ్నల సమయం కూడా కలిసి ఉండాలి. 12 నిమిషాలు చూపించి, 8 నిమిషాలు ప్రశ్నలకు వదలండి. సమయం అయిపోగానే మనమే ఆపి, వారు అడిగితేనే కొనసాగించాలి. నా ఉద్యోగంలో ఇలాంటి లేఖలు చాలా రాశాను. ఎన్ని నిమిషాలో, ఏ రోజో ఉన్న లేఖకు "కుదరదు" అనైనా జవాబు వస్తుంది.

నెట్‌వర్క్ లేని హాల్లో ఒకే టికెట్‌ను రెండు ద్వారాల దగ్గర స్కాన్ చేస్తే, ఫోన్లు మళ్లీ నెట్‌కు కలిసేదాకా మన యాప్ ఆ తప్పును పట్టుకోలేదు. ఈ లోపాన్ని డెమోలో ఫోన్లను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మనమే చూపించాలి. ఉత్సవం రోజున వారికి తెలిస్తే మన మాట పోతుంది.

టికెట్ల బృందం: సవరించిన లేఖ ఇది.

> గౌరవనీయులైన కార్యదర్శి గారికి, నమస్కారం. మీ దీపావళి అన్నదానానికి కూపన్ల లెక్క సులువుగా తేలేందుకు మేము వాడుతున్న స్కానింగ్ యాప్‌ను మీకు చూపించాలని కోరుకుంటున్నాము. ప్రశ్నలతో కలిపి మొత్తం 20 నిమిషాలు పడుతుంది. వీడియో కాల్ గానీ ఫోన్ గానీ, మీకు ఏది సౌకర్యమో చెప్పండి. ఫోన్ అయితే నమూనా టికెట్లు ముందురోజు పంపుతాము. స్కాన్ చేయడానికి మరో ఫోన్ దగ్గర ఉంచుకోవలసి ఉంటుంది. అక్టోబర్ 6, మంగళవారం రాత్రి 8 గంటలకు గానీ, అక్టోబర్ 10, శనివారం ఉదయం 9:30కు గానీ (రెండూ డాలస్ సమయం) వీలవుతుందా? ద్వారం దగ్గర కూపన్లు చూసే వాలంటీరు ఒకరు కూడా ఉంటే మేలు. ఈ రోజులు కుదరకపోతే మీకు అనువైన సమయం తెలియజేయగలరు.

సాంస్కృతిక బృందం: 10వ తేదీ మహాలయ అమావాస్య. ఆ ఉదయం గుడిలో తర్పణాల హడావుడి ఉంటుంది, మరునాటి నుంచి నవరాత్రులు. పైగా వారి కోశాధికారి గారు ప్రస్తుతం హైదరాబాదులో ఉన్నారని విన్నాను.

పూర్వ కార్యదర్శి: మంచి మాట. శనివారం తీసివేసి అక్టోబర్ 8, గురువారం ఉదయం 8 గంటలు పెట్టండి. భారత కాలమానంలో అది అదే రోజు సాయంత్రం 6:30. మంగళవారం రాత్రి 8 అంటే అక్కడ బుధవారం ఉదయం 6:30. రెండు దేశాల సమయాలూ లేఖలో రాయండి, లెక్క వేసుకునే పని వారికి పెట్టవద్దు.

భోజనాల బృందం: ప్రశ్నలకు సమయం కేటాయించినప్పుడు నిడివి రాయడానికి నాకు అభ్యంతరం లేదు. ఫోన్ మాటను మాత్రం వీడియో కంటే ముందు రాయండి.

కోశాధికారి: రుసుము ఎంతో లేఖలోనే చెప్పాలని నా అభిప్రాయం. చూసిన తరువాత ధర విని వెనక్కి తగ్గితే ఇరువైపులా సమయం వృథా.

పూర్వ కార్యదర్శి: ఎంతమంది భోజనానికి వస్తారో తెలియకుండా ధర ఎలా చెబుతాము? ఆ 8 నిమిషాల్లో అడిగి తెలుసుకుని చెప్పడమే న్యాయమని నాకు అనిపిస్తోంది.

టికెట్ల బృందం: తేదీలు మార్చి, ఫోన్ మాట ముందు పెట్టాను. ధర విషయం బుధవారం సమావేశంలో తేల్చుకున్నాక లేఖ పంపుతాను.