చివరి పరీక్షకు రాని 54 మంది పిల్లలను లెక్కలో చూపాలా?

చిత్తూరు కార్యదర్శి:
పలమనేరు చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లలో మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు సాయంకాలం చదువు కేంద్రాలు నడుపుతున్నాం. ఏడాది చివర దాతలకు లేఖ రాయాలి. జూన్‌లో 240 మందిని చదివించి చూస్తే 62 మంది పేరా చదివారు. డిసెంబరులో 186 మందే దొరికారు, వారిలో 121 మంది చదివారు. అందుకని లేఖను ‘26 శాతం నుంచి 65 శాతానికి’ అని మొదలుపెట్టాను. మా కోశాధికారికి బాగా నచ్చింది. నాకే ఎక్కడో గుచ్చుకుంటోంది. మిగతా 54 మంది సంగతి రాయాలా? రాస్తే లేఖ చప్పబడిపోదా?

తిరుపతి దాత:
రాయాల్సిందే. నేను ఇలాంటి సంస్థలు రెండింటికి డబ్బిస్తున్నాను. జూన్‌లో 240 మందితో మొదలుపెట్టి డిసెంబరులో 186తో భాగిస్తే అది కళ్లకు గంతలు కట్టడమే. 121ని 240తో భాగించండి, 50 శాతం వస్తుంది. అదే నిజం, అదే రాయండి. ఇందులో ఇంతకు మించి ఆలోచించేది ఏముంది?

సర్వేల్లో తిరిగినవాడు:
దాత గారి కోపం సరైనదే కానీ లెక్క సగమే సరైనది. 50 శాతం అంటే ఆ 54 మందిలో ఒక్కరికీ చదవడం రాదని మనమే తీర్పు చెప్పినట్టు. వాళ్లు ఎక్కడున్నారో తెలియనప్పుడు వచ్చని గానీ రాదని గానీ ఎలా అంటాం?

కార్యదర్శి గారూ, ఒక్కటి చూసి చెప్పండి. వెళ్లిపోయిన 54 మందిలో జూన్‌లో పేరా చదివినవారు ఎంతమంది?

చిత్తూరు కార్యదర్శి:
రిజిస్టరు తీసి చూశాను. నలుగురే.

సర్వేల్లో తిరిగినవాడు:
అనుకున్నదే. చదువులో వెనకబడినవారే ఎక్కువగా జారిపోయారు. మీ 65 శాతంలో కొంత భాగం మీరు నేర్పినందువల్ల వచ్చింది కాదు, నేర్వనివారు గది విడిచి వెళ్లినందువల్ల వచ్చింది. తరగతిలో చివరి బెంచీ ఖాళీ చేయిస్తే ఎవరికీ ఏమీ నేర్పకపోయినా సగటు పెరుగుతుంది.

అందుకే రెండుసార్లూ పరీక్షకు కూర్చున్న పిల్లలనే పోల్చాలి. ఆ 186 మందిలో జూన్‌లో చదివినవారు 62 కాదు, 58. అంటే 31 శాతం నుంచి 65 శాతానికి. ఇంకా తేటగా చెప్పాలంటే, చదివేవారు 58 నుంచి 121 అయ్యారు, 63 మంది పెరిగారు. చిన్న సంఖ్యలున్నచోట నేను శాతాలు వాడను. 63 మంది అంటే రెండు తరగతి గదుల నిండా పిల్లలు, కళ్ల ముందు కనబడతారు. పక్కనే 54 మంది గురించి విడిగా ఒక వాక్యం రాయండి.

ఇంకో మాట. ఆ 63 మందీ ‘మా వల్లే’ నేర్చుకున్నారని రాయకండి. వాళ్లు పగలు బడికి కూడా వెళ్లారు. ఆరు నెలల్లో పిల్లలు ఎలాగూ కొంత ఎదుగుతారు. కేంద్రం లేని పక్క ఊళ్లో కూడా పిల్లలను పరీక్షించి ఉంటే తేడా తెలిసేది. అది లేదు గనుక ‘మా కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో’ అన్నంతవరకే మన హక్కు.

రసీదు రానివాడు:
లెక్కలంటే గుర్తొచ్చింది. కిందటి ఏడాది ఒక సంస్థకు ఐదు వేలు పంపాను. పన్ను మినహాయింపు పత్రం ఇప్పటికీ రాలేదు. ముందు ఆ లెక్క సరిచేసి తర్వాత పిల్లల లెక్క చెప్పమనండి.

తిరుపతి దాత:
అయ్యా, అది వేరే గోడు. మీకు రావలసింది 10బీఈ పత్రం. సంస్థ ఆదాయపు పన్ను శాఖకు దాతల వివరాలు సమర్పిస్తేనే అది వస్తుంది, దానికి గడువు మే 31. మీ పాన్ సంఖ్య వాళ్ల దగ్గర సరిగా ఉందో లేదో ముందు అడగండి.

కుప్పం పంతులమ్మ:
లెక్క కంటే ముందు పరీక్ష ఎవరు పెట్టారో చెప్పండి. నేర్పిన వలంటీరే పరీక్షిస్తే ‘చదివాడు’ అని రాయడానికి చేయి తొందరపడుతుంది. దురుద్దేశం కాదు, మమకారం. పైగా జూన్‌లో ఇచ్చిన పేరానే డిసెంబరులోనూ ఇస్తే పిల్లలు అప్పజెబుతారు. నేనైతే వేలు మూడో పంక్తి మీద పెట్టి ‘ఇక్కడి నుంచి చదువు నాన్నా’ అంటాను. కంఠతా పట్టినవాడు మళ్లీ మొదటికి పోతాడు.

చిత్తూరు కార్యదర్శి:
పేరాలు మార్చాం. పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే పద్ధతిలోనే అక్షరం, పదం, పేరా, కథ అని నాలుగు మెట్లు పెట్టాం. కానీ పరీక్షించింది ఆ కేంద్రం వలంటీర్లే. ఈ నెలలోనే కేంద్రాలు మార్చి ముప్పై మందిని మళ్లీ చదివిస్తాం.

సర్వేల్లో తిరిగినవాడు:
మంచిది. అయితే ఆ పద్ధతిలో పేరా అంటే ఒకటో తరగతి స్థాయి, కథ రెండో తరగతి స్థాయి. ఇది దాతలకు తెలియదు. ఐదో తరగతి పిల్లవాడు పేరా చదివాడంటే తన తరగతి పాఠం చదివాడని అనుకుంటారు. ఆ అపోహను లేఖలోనే తీర్చండి.

కోశాధికారి పక్షం:
నేనూ ఒక చిన్న సంస్థకు లెక్కలు రాస్తాను. మీరంతా ఇలా ఒక్కొక్క ఇటుకా పీకితే గోడ మిగలదు. దాత లేఖను అర నిమిషం చదువుతాడు. ‘54 మంది వెళ్లిపోయారు, అది కూడా ఒకటో తరగతి స్థాయే, మా వల్లో కాదో తెలియదు’ అని రాస్తే మార్చిలో వలంటీర్ల గౌరవ వేతనం ఎవరిస్తారు? నిజాయితీ ఖర్చు ఆ పిల్లలే భరించాలా?

తిరుపతి దాత:
నేను ఇస్తాను. 95 శాతం విజయం అని రాసేవారికే ఇవ్వడం మానేశాను.

కోశాధికారి పక్షం:
మీరొక్కరు. మిగతా వందమంది సంగతి చెప్పండి.

కేంద్రంలో పాఠం చెప్పేదాన్ని:
నేను ఆ ఎనిమిది కేంద్రాల్లో ఒకదానిలో చెబుతాను. 54లో 31 మంది తల్లిదండ్రులతో బెంగళూరు కట్టడం పనులకు వెళ్లారు. 9 మంది హాస్టల్ బడుల్లో చేరారు, అది మంచి కబురే. 14 మంది ఏమయ్యారో తెలియదు. దసరా తర్వాత ఒక సోమవారం మా కేంద్రంలో ముగ్గురు ఒకేసారి రాలేదు. రాత్రి బస్సుకు వెళ్లారట. వాళ్ల నోటుపుస్తకాలు అలమరలోనే ఉన్నాయి. ఒకదానిలో ‘ళ’ గుణింతం సగంలో ఆగింది. వస్తారేమోనని వాటిని వేరేవాళ్లకు ఇవ్వలేదు.

లేఖ మొదట్లో కార్యదర్శి గారు ఒక పాప కథ పెట్టారు. నలుగురు పిల్లల సంగతులు కలిపి ఒక పేరు పెట్టారు. మా ఊరివాళ్లు చదివితే ‘ఈ పాప ఎవరు?’ అని నన్నే అడుగుతారు. దయచేసి దాన్ని తీసేయండి.

కుప్పం పంతులమ్మ:
ఆ నోటుపుస్తకాలనే రాయండి. ఊరి పేరు, పిల్లల పేర్లు వద్దు. ఫొటో కావాలంటే అలమర తీయండి, పుస్తకం మీద పేరు కనబడకుండా.

చిత్తూరు కార్యదర్శి:
పాప కథ తీసేశాను. ఇప్పుడు మొదలు ఇలా ఉంది:

‘జూన్‌లో మా కేంద్రాలకు 240 మంది పిల్లలు వచ్చారు. డిసెంబరులో 186 మంది ఉన్నారు. ఈ 186 మందిలో జూన్‌లో ఒకటో తరగతి పేరా చదవగలిగినవారు 58 మంది, ఇప్పుడు 121 మంది. వీరికి బడిలోనూ పాఠాలు జరిగాయి. 31 మంది కుటుంబాలతో బెంగళూరు వెళ్లారు, 9 మంది హాస్టళ్లలో చేరారు, 14 మంది ఎక్కడున్నారో మాకు తెలియదు. వారిలో కొందరి నోటుపుస్తకాలు మా అలమరలో ఉన్నాయి.’

ముప్పై మందిని మళ్లీ చదివించాక 121 మారితే మార్చి రాస్తాను. కోశాధికారి గారు ‘14 మంది తెలియదు’ అన్నది ఒక్కటీ తీసేయమంటున్నారు.

సర్వేల్లో తిరిగినవాడు:
ఉంచండి.

కోశాధికారి పక్షం:
ఉంచితే ఆ 14 మందిని వెతకడానికి ఏం చేస్తున్నారో కూడా రాయాలి. చేస్తున్నారా?

కేంద్రంలో పాఠం చెప్పేదాన్ని:
ఆరు ఇళ్లకు వెళ్లాను. నాలుగింటికి తాళం ఉంది. మిగతా ఎనిమిది ఇళ్లకు ఈ ఆదివారం వెళ్తాను.