చీర చిరిగి వచ్చిందన్న కస్టమర్ మాట అబద్ధమని తోచినప్పుడు డబ్బు తిరిగి ఇవ్వాలా?

అంచుచీర (మంగళగిరి): నేను ఇంటి నుంచే ఇన్‌స్టాగ్రామ్‌లో చేనేత చీరలు అమ్ముతాను. బెంగళూరులోని ఒకావిడ 4,850 రూపాయల చీర తీసుకుని, స్పీడ్ పోస్టులో అందిన మూడో రోజున అంచు చిరిగి ఉందని ఒక్క ఫొటో పంపి, మొత్తం డబ్బు వెనక్కి ఇమ్మంటున్నారు. ప్యాకింగ్ వీడియో, 655 గ్రాములని బరువు చూపే బుకింగ్ రసీదు నా దగ్గర ఉన్నాయి. ఆవిడ అబద్ధం చెబుతున్నారని నా నమ్మకం. డబ్బు ఇవ్వాలా, ఎదురు నిలవాలా?

షరతు ముందే: ఇందులో ఆలోచించవలసినది ఏమీ లేదండి. పార్శిల్ విప్పుతూ ఆపకుండా తీసిన వీడియో పంపితేనే ఫిర్యాదు స్వీకరిస్తామని మా బిల్లు మీద అచ్చు వేయించాను. వీడియో లేదంటే ఆ బిల్లు ఫొటో పంపి ఊరుకుంటాను. రెండేళ్లుగా ఎవరికీ రూపాయి తిరిగి ఇవ్వలేదు.

పార్శిల్ పాతకాపు: షరతు పెట్టడం మంచిదే. నేనూ పెట్టాను. దానివల్ల నిజాయితీపరులు వీడియో తీస్తారు, మోసం చేయదలచినవారు వెనుకాడతారు. కానీ అదే కోట అనుకోవడం పొరపాటు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోపు తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. వ్యాపారంగా నిలకడగా అమ్మేవారు ఇంటి నుంచి అమ్మినా ఈ నియమాలు వర్తిస్తాయి. వీడియో లేదన్న ఒక్క కారణంతో ఫిర్యాదును చూడనే లేదంటే, రేపు వినియోగదారుల కమిషన్‌లో ఆ మొండితనమే మీకు ఎదురు తిరుగుతుంది.

అంచుచీర గారూ, మీ ఆధారాల గురించి కొంచెం కటువైన మాట చెప్పాలి. 655 గ్రాముల రసీదు చాలా విలువైనదే, అయితే అది ఖాళీ డబ్బా వచ్చిందనో, చీరకు బదులు పాత గుడ్డ వచ్చిందనో అన్నవారికి జవాబు. చిరిగిన చీరకూ చిరగని చీరకూ బరువు ఒక్కటే. ప్యాకింగ్ వీడియోలో మడత పెట్టిన చీర మాత్రమే కనిపిస్తే, లోపలి అంచు బాగుందని అది చెప్పదు. అందుకే నేను చీరను బల్ల మీద పరిచి, రెండు అంచులూ పైట చెంగూ చివరిదాకా చూపించి, మడిచి, కవరులో పెట్టి, అతికించి, చిరునామా చీటీ చూపి, కాటా మీద పెట్టేవరకూ కెమెరా ఆపను. ఒక చీరకు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ వీడియోను వాట్సాప్‌లో పంపుకుని అక్కడే దాచుకోవద్దు, పంపినప్పుడు నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. ఫోన్‌లోని అసలు ఫైలునే వేరే డ్రైవులో ఉంచండి.

ఆవిడను ఇప్పుడు మూడు ఫొటోలు అడగండి: బయటి కవరు నాలుగు వైపులా, చిరిగిన చోటు దగ్గరగా, చీర మొత్తం విప్పి పరిచినది. కవరు చెక్కుచెదరకుండా ఉండి లోపలి మడత చిరిగితే అది దారిలో జరిగింది కాదు. మిగిలేది మీ ఇంట్లో జరగడమో, ఆవిడ ఇంట్లో జరగడమో.

గోంగూర జాడీ: నాదీ ఇదే బాధ. గాజు సీసాలో పంపిన ఆవకాయ పగిలి, నూనె పెట్టెంతా కారిందని హైదరాబాదు కస్టమర్ ఫొటో పంపారు. నేను డబ్బు ఇచ్చేశాను. ఇవ్వకపోతే ఎలా? మీరూ ఇచ్చేయండి, పేరు నిలుస్తుంది.

పార్శిల్ పాతకాపు: అమ్మా, మీది నిజంగా పగిలిన సీసా. నూనె కారిన పెట్టే దానికి సాక్ష్యం. ఇక్కడి ప్రశ్న వేరు, నష్టం ఎక్కడ జరిగిందన్నదే తేలలేదు.

లెక్కల మాస్టారు: నేను చిన్న వ్యాపారుల పద్దులు రాస్తాను. 2019 చట్టం ప్రకారం కస్టమర్ తాను నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు. కొన్న విలువ ఐదు లక్షలలోపు ఉంటే రుసుము కూడా ఉండదు. వీడియో ద్వారా హాజరవడానికి అనుమతి కోరవచ్చు గానీ, బెంగళూరు కేసుకు జవాబు రాయించడానికే ఈ చీర ఖరీదు మించవచ్చు. అందుచేత డబ్బు ఇచ్చి, ఆ నంబరుకు మళ్లీ అమ్మకపోవడమే లాభం. నిజమెవరిదన్నది నా లెక్కలోకి రాదు.

షరతు ముందే: అలా ఇస్తూ పోతే ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆవిడ పేరు, ఫొటో అమ్మకందారుల గుంపులన్నింటిలో పెట్టండి.

పార్శిల్ పాతకాపు: దయచేసి ఆ పని చేయవద్దు. మోసమని రుజువు కాకముందే పేరు బయటపెడితే పరువునష్టం కేసు మీ మీదికి వస్తుంది. ఇలా చెప్పడానికి నాకొక కారణముంది. రెండేళ్ల కిందట ట్రాకింగ్‌లో 'డెలివరీ అయింది' అని ఉండగా, పార్శిల్ అందలేదని ఒకాయన పట్టుబట్టారు. అబద్ధమనే నేనూ అనుకున్నాను. కొరియర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఎవరికి, ఏ సమయంలో ఇచ్చారో రుజువు అడిగితే, సంతకం అపార్ట్‌మెంట్ కాపలాదారుది. పార్శిల్ అతని గదిలో బల్ల కింద పడి ఉంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అప్పటినుంచి, ఖరీదైన చీరకు ఓటీపీ చెబితేనే అప్పగించే పద్ధతి లేకుండా నేను పంపడం లేదు.

అంచుచీర: మీరు చెప్పినట్లే అడిగాను. ఆవిడ ఫొటోలు పంపడమే కాక, చీరనూ వెనక్కి పంపారు. తపాలా కార్యాలయంలోనే అందరి ముందూ వీడియో తీస్తూ విప్పాను. చీర నాదే, చెంగు లోపలి వైపు నేను వేసిన నీలిదారం ముడి అలాగే ఉంది. అంచున ఒకటి కాదు, మూడు చీలికలు ఉన్నాయి. మూడూ సమాన దూరంలో ఉన్నాయి. మొదటిది రెండంగుళాలు, రెండోది అంగుళం, మూడోది దారం తెగినంత.

పార్శిల్ పాతకాపు: అయితే చీరను మళ్లీ పాత మడతల మీదే మడిచి చూడండి. మూడు చీలికలూ ఒకదాని కింద ఒకటి వస్తే, కవరు కోసిన బ్లేడే మడతల్లోకి దిగింది. పై పొర ఎక్కువ తెగుతుంది, కింది పొరలు తక్కువ. నేతలో తప్పయినా, దారిలో ఏదైనా తగిలినా ఇలా మెట్లు మెట్లుగా రాదు.

అంచుచీర: ఒకదాని కిందే ఒకటి వచ్చాయి. ఆవిడ పంపిన కవరు ఫొటోలోనూ అదే వైపు నిలువుగా కోసిన గీత ఉంది.

లెక్కల మాస్టారు: అంటే ఆవిడ అబద్ధం చెప్పలేదేమో. కోసినప్పుడు తెలియక, విప్పాక చూసి, చిరిగే వచ్చిందని నమ్మి ఉంటారు. అలాంటప్పుడు సగం డబ్బు ఇవ్వడం న్యాయమని నాకు తోస్తోంది.

పార్శిల్ పాతకాపు: నేను ఒప్పుకోను. జరిగిన నష్టం అమ్మినవారిది కాదు. మడిచిన చీర ఫొటో, కోసిన కవరు ఫొటో పక్కపక్కన పెట్టి, నిందించే మాట ఒక్కటీ లేకుండా, కనిపించినది మాత్రమే రాసి పంపండి. ఆవిడ 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు వెళ్లినా అక్కడా ఆ రెండు ఫొటోలే పెట్టండి. ఇకమీదట ప్యాకింగులో చీర మీద గట్టి అట్ట ముక్క ఒకటి ఉంచి, 'బ్లేడు లోతుగా దించవద్దు' అని కవరు మీద రాయండి.

షరతు ముందే: అట్టతో బరువు పెరిగి తపాలా ఖర్చు పెరుగుతుంది కదా.

అంచుచీర: పెరిగినా పెడతాను. ఫొటోలు రెండూ పంపాను. మా నేత కుటుంబంలో రఫూ చేసేవారు ఉన్నారు కాబట్టి, ఆవిడ ఒప్పుకుంటే నా ఖర్చుతో బాగుచేయించి పంపుతానని కూడా రాశాను. చదివినట్లు గుర్తు కనిపిస్తోంది, జవాబు మాత్రం ఇంకా రాలేదు.