'ఎ' వస్తే ఆర్, 'ద' వస్తే ఈజ్: ఇంతేనా, ఇంకేమన్నా ఉందా?

ప్రశ్నార్థకం:
స్కూల్లో ఇంగ్లిష్ మాస్టారు ఒక లైన్ వల్లె వేయించేవారు. "ఎ నంబర్ అంటే ఆర్, ద నంబర్ అంటే..." అంటూ మొదలై ఏదో ప్రాసతో ముగిసేది. సగమే గుర్తుంది, ఆ సగం కూడా తిరగేసి గుర్తుందేమో అని అనుమానం. ఇప్పుడొక రిపోర్టు దిద్దుతున్నాను, అందులో ఈ వాక్యం ఉంది: "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హూ హాజ్ నాట్ సబ్మిటెడ్ ద ఫార్మ్ హావ్ రిజెన్ ఫ్రమ్ 12 టు 19." చదువుతుంటే పంటికింద రాయి తగులుతోంది కానీ ఏ మాట దగ్గరో చెప్పలేకపోతున్నా. కింది పేరాలో ఇంకోటి, "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ వెయిటింగ్." ఆ లైన్ పూర్తిగా ఎవరికన్నా వచ్చా?

ఎర్రసిరా:
లైన్లూ ప్రాసలూ ఎందుకండీ దీనికి. 'ఆఫ్'కి ముందు ఏముంటే అదే కర్త, అంతే. ద లిస్ట్ ఆఫ్ నేమ్స్ ఈజ్ లాంగ్. ద బాక్స్ ఆఫ్ బుక్స్ ఈజ్ హెవీ. ఇక్కడ ముందున్నది 'నంబర్', ఏకవచనం. కాబట్టి ఎ అయినా ద అయినా ఈజ్, హాజ్. మీ కింది పేరా కరెక్టే, పై వాక్యంలో చివరి హావ్‌ని హాజ్ చేస్తే సరిపోతుంది.

గడ్డిపరక:
అయితే "ఎ లాట్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ వెయిటింగ్" అంటారా సార్? లాట్ కూడా ఏకవచనమే, 'ఆఫ్'కి ముందే ఉంది.

ఎర్రసిరా:
అది ఎక్సెప్షన్.

పాతసంపుటి:
ఎక్సెప్షన్ కాదు సార్, ఇదీ అదీ ఒక్క జాతే. 'ఎ నంబర్ ఆఫ్' చూడటానికి మూడు మాటలు, చేసేది మాత్రం ఒక్క విశేషణం పని. దాన్ని పీకేసి ఆ చోట 'సెవరల్' పెట్టి చూడండి, "సెవరల్ స్టూడెంట్స్ ఆర్ వెయిటింగ్." అర్థం ఎక్కడా చెడలేదు. ఎదురుచూస్తున్నది పిల్లలు, అంకె కాదు. ఇప్పుడు 'ద నంబర్ ఆఫ్' తీసి అదే పని చేయండి, "సెవరల్ స్టూడెంట్స్ రోజ్ ఫ్రమ్ 12 టు 19." వాక్యం చచ్చింది. 12 నుంచి 19కి పెరిగింది లెక్క. పిల్లలే పెరిగారంటే అది వయసు సంగతి అవుతుంది.

ప్రశ్న అడిగినవారికి రాయి ఎక్కడుందో దొరక్కపోవడానికి కారణం, ఉన్నది ఒక రాయి కాదు, రెండు. 'హూ' వెనకాల వచ్చే క్రియ స్టూడెంట్స్‌ది, ఫారం ఇవ్వనిది వాళ్లు కాబట్టి అక్కడ హావ్ ఉండాలి. తర్వాత 'హూ' నుంచి 'ఫార్మ్' దాకా వేలితో మూసేయండి, మిగిలేది "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్... రిజెన్ ఫ్రమ్ 12 టు 19", అక్కడ హాజ్. మీ రిపోర్టు రాసినవారు ఈ రెండిటినీ అటుదిటు చేశారు. దిద్దితే ఇలా వస్తుంది: "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హూ హావ్ నాట్ సబ్మిటెడ్ ద ఫార్మ్ హాజ్ రిజెన్ ఫ్రమ్ 12 టు 19." కింది పేరాలో ఆర్ వెయిటింగ్.

వానచినుకు:
మాకూ ఆఫీసులో ఇదే టెన్షన్! "ద టీమ్ ఈజ్" అని నేను రాస్తే మా పైవాళ్లు "ద టీమ్ ఆర్" అని మారుస్తారు, తర్వాత ఇంకొకరు మళ్లీ ఈజ్ చేస్తారు. దానికీ ఈ రూలేనా?

పాతసంపుటి:
కాదమ్మా, అది వేరే గొడవ. టీమ్, కమిటీ లాంటి మాటల దగ్గర బ్రిటిష్‌వాళ్లు ఆర్ కూడా వాడతారు, అమెరికన్లు ఎక్కువగా ఈజ్ అంటారు. 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్' దగ్గర ఇద్దరిదీ ఒకే మాట.

సంధిసమాసం:
తెలుగులో ఈ తంటా ఎందుకు రాదో ఎవరైనా గమనించారా? "విద్యార్థుల సంఖ్య పెరిగింది" అంటాం, "సంఖ్య పెరిగారు" అని పొరపాటున కూడా నోరు తిరగదు. ఎందుకంటే మన వాక్యంలో 'సంఖ్య' వచ్చి క్రియ పక్కనే కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో నంబర్ ముందెక్కడో ఉండిపోతుంది, క్రియకు ఆనుకుని 'స్టూడెంట్స్' ఉంటుంది, ఆ చివరి 'స్' చెవిన పడగానే చెయ్యి ఆర్ రాసేస్తుంది. మధ్యలో హూ అనీ విచ్ అనీ తోక పెరిగితే నంబర్ సంగతి మరిచేపోతాం. ఇక 'ఎ నంబర్ ఆఫ్'కి మనకు 'పలువురు' ఉండనే ఉంది. బద్దెన ఏమన్నాడు, "పలువురతో నిగ్రహించి పలుకుట మేలా" అన్నాడు. ఆ పలువురు ఎందరో లెక్క అక్కర్లేదు, ఒక్కరు కాదు, అంతే. లెక్క చెప్పాలనుకున్నప్పుడు మాత్రమే 'సంఖ్య' తీస్తాం.

గడ్డిపరక:
'పలువురతో'నా? మేం 'పలువురితో' అని చదువుకున్నాం.

సంధిసమాసం:
'ర'నే. 'రి' తర్వాతివాళ్లు నోటికి అలవాటైనట్టు మార్చుకున్నది.

గడ్డిపరక:
ఆధారం? గణాలతో తేలదు కదా, ర అయినా రి అయినా లఘువే.

ఎర్రసిరా:
అసలు ఆ శతకం బద్దెనదే అని తేల్చిందెవరు, అది ముందు చెప్పండి. ఇంకొకటి, అక్కడ 'నిగ్రహించి' అంటే అణిచిపెట్టి అని కాదు, విరోధం పెట్టుకుని అని. సగంమంది తప్పు అర్థం చెప్తారు.

సంధిసమాసం:
తప్పు అర్థం నేనెక్కడ చెప్పాను సార్? అర్థమే చెప్పలేదు.

పాతసంపుటి:
ఆ పద్యంలో చీమల్ని నాకు అప్పివ్వండి, పనుంది. "ఎ నంబర్ ఆఫ్ యాంట్స్ కిల్డ్ ద స్నేక్." ఇక్కడ ఈజ్, ఆర్ గొడవే లేదు, పాస్ట్ టెన్స్‌లో 'కిల్డ్' ఒకరికైనా పదిమందికైనా ఒకటే. అయినా కర్త ఎవరో తెలిసిపోతోంది. "ద నంబర్ ఆఫ్ యాంట్స్ కిల్డ్ ద స్నేక్" అనండి, నవ్వొస్తుంది, అంకె వెళ్లి పామును కుట్టదు కదా. "ద నంబర్ ఆఫ్ యాంట్స్ డబుల్డ్" అంటే మళ్లీ బాగానే ఉంటుంది. అందుకే నేను ముందు క్రియ ఎవరికి అతుకుతుందో చూస్తాను, ఎ, ద తర్వాత. పెరిగింది, తగ్గింది, రెట్టింపయింది, 40 దాటింది, ఇవన్నీ లెక్కకు జరిగేవి. వచ్చారు, ఫెయిలయ్యారు, ఎదురుచూస్తున్నారు, ఇవి మనుషుల పనులు. "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ హంగ్రీ" అని ఎవరన్నా రాస్తే అక్కడ ఈజ్‌ని ఆర్ చేసి ఊరుకోకూడదు, 'ద'ని కూడా 'ఎ' చేయాలి, ఎందుకంటే ఆకలి వేసింది పిల్లలకు.

సంధిసమాసం:
ఒక్క మాట. పద్యం సారమంతా ఏమిటి? ఒక్కో చీమ వల్ల కాదు, అన్ని చీమలు కలవడం వల్లే పాము చచ్చిందని. అంటే పామును చంపింది సంఖ్యే! కాబట్టి పద్యార్థం ప్రకారం మీరు నవ్విన వాక్యమే సరైనది.

పాతసంపుటి:
బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ ఇంగ్లిష్‌లో ఆ మాట అనాలంటే "ద షీర్ నంబర్ ఆఫ్ యాంట్స్ వాజ్ టూ మచ్ ఫర్ ద స్నేక్" అనాలి. చూశారా, లెక్కే కర్త అయ్యేసరికి 'వాజ్' తనంతట తనే వచ్చింది. మీరు నా వైపే వాదించారు.

సంధిసమాసం:
పద్యం మీ వైపు వాదించింది, నేను కాదు.

గడ్డిపరక:
ఇంతసేపూ 'ద' అంటే ఈజ్ అనే చోటే తిరుగుతున్నాం కాబట్టి ఒకటి అడుగుతా. "ద స్మాల్ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హూ స్టేడ్ బిహైండ్..." తర్వాత వాజ్ గివెన్ సీట్సా, వర్ గివెన్ సీట్సా? ముందు 'ద' ఉంది. సీట్లిచ్చింది మాత్రం మనుషులకి.

ఎర్రసిరా:
వాజ్. 'ద' ఉంది కదా. రూలు రూలే.

పాతసంపుటి:
అంటే ఆ కొద్దిమందినీ ఒక అంకెగా కుర్చీలో కూర్చోబెడతారా? నేనైతే వర్ అంటాను. ఇక్కడ 'ద' వచ్చింది లెక్కను చూపించడానికి కాదు, ముందు చెప్పుకున్న ఆ కొద్దిమందినే మళ్లీ గుర్తు చేయడానికి. 'ద ఫ్యూ స్టూడెంట్స్' అన్నట్టు. అదే 'లార్జ్' పెట్టి "ద లార్జ్ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హూ స్టేడ్ బిహైండ్ వాజ్ ఎ సర్‌ప్రైజ్" అంటే వాజే కుదురుతుంది, ఆశ్చర్యపరిచింది అంతమంది ఉండటం కాబట్టి. రెండు వాక్యాల్లోనూ 'ద'నే, క్రియ మారింది. మాస్టారి లైన్ పరీక్షలో గట్టెక్కిస్తుంది, ఇలాంటి చోట చేతులెత్తేస్తుంది. అనుమానంగా ఉంటే 'ద ఫ్యూ స్టూడెంట్స్ హూ...' అని తిరగరాస్తే ఎవరికీ పేచీ ఉండదు.

ఎర్రసిరా:
తిరగరాయడం తప్పించుకోవడం. దిద్దేవాడికి ఆ హక్కు ఎప్పుడూ ఉండదు, రాసినవాళ్లు ఒప్పుకోరు. నేను వాజే ఉంచుతాను.

ప్రశ్నార్థకం:
అందరికీ థాంక్సండీ, ఆ రెండు వాక్యాలూ దిద్దేశాను. కానీ అదే రిపోర్టులో ఇంకోటి బయటపడింది. "ఎ గ్రోయింగ్ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ చూజింగ్ దెయిర్ ఓన్ సబ్జెక్ట్స్." 'సెవరల్' పెడదామంటే 'గ్రోయింగ్'ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. పెరిగేది సంఖ్య, ఎంచుకునేది పిల్లలు. మరి కర్త ఎవరు?

పాతసంపుటి:
ఇది నిజంగానే చిక్కు ప్రశ్న. వాడుకలో ఎక్కువగా ఆర్ కనిపిస్తుంది, నేనూ ఆర్ వైపే, ఎందుకంటే వాక్యంలో అసలు క్రియ చూజింగ్. 'గ్రోయింగ్' విశేషణంగా నంబర్‌ని పట్టుకుని ఉన్నా ఆ పట్టు క్రియ దాకా రాదు. కానీ జాగ్రత్తగా రాసేవాళ్లలో కూడా కొందరు, సంఖ్యకు విశేషణం తగిలిందంటే సంఖ్యే తలకాయ, కాబట్టి ఈజ్ అంటారు. వాళ్లను పూర్తిగా తప్పు అనలేను. నిజంగా పెరుగుదల గురించే చెప్పాలంటే "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ చూజింగ్ దెయిర్ ఓన్ సబ్జెక్ట్స్ ఈజ్ గ్రోయింగ్" అని రాస్తే ఈజ్ దర్జాగా నిలబడుతుంది.

ఎర్రసిరా:
హమ్మయ్య, ఒక్కచోటన్నా నా వైపు వచ్చారు. నేను ఆ ఈజ్‌ని తాకను.

గడ్డిపరక:
తాకకపోతే పక్కనున్న 'దెయిర్' సంగతేంటి సార్? ఈజ్ అన్నాక మళ్లీ దెయిర్ అంటే సగం వాక్యం ఏకవచనం, సగం బహువచనం.

ఎర్రసిరా:
దాన్ని 'ఇట్స్' చేస్తాను.

గడ్డిపరక:
అప్పుడు సబ్జెక్టులు సంఖ్యవి అవుతాయి, పిల్లలవి కావు.

ఎర్రసిరా:
కానివ్వండి.

వానచినుకు:
మరి 'ద మెజారిటీ ఆఫ్ స్టూడెంట్స్'కి ఈజా, ఆరా?

సంధిసమాసం:
దానికి ఇంకో పోస్టు పెట్టండి తల్లీ, ఇక్కడ ఇంకా 'పలువురతో'నే తేలలేదు.