మూడు నెలలు నెత్తిన పెట్టుకున్నాడు, ఇప్పుడు నేను దూరం జరిగితేనే దగ్గరికొస్తున్నాడు, దీన్నేమనుకోవాలి?

నాది వైజాగ్, 26 ఏళ్లు. జనవరిలో ఒకబ్బాయి పరిచయం. మొదట్లో డ్యూటీ అయ్యాక గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా బండేసుకొచ్చి పది నిమిషాలు చూసి వెళ్లిపోయేవాడు, రెండో వారానికే పెళ్లి, పిల్లల పేర్లు కూడా (అప్పుడే కొంచెం తేడా కొట్టింది, బాగుంది కదా అని ఊరుకున్నా).

ఏప్రిల్‌లో మా ఇంట్లో చెప్తానన్నా, ఆ వారం నుంచే చల్లబడిపోయాడు. మెసేజ్‌కి రోజుకో "ఊ". విసిగిపోయి నేనూ ఆపేస్తే నాలుగో రోజు మురీ మిక్చర్ పట్టుకుని వీధి చివర ప్రత్యక్షం, రెండు రోజులు పాత మనిషే, నేను కరగ్గానే మళ్లీ మాయం. ఇలా మూడుసార్లు. డేట్లు రాసుకుని చూస్తే ప్రతిసారీ ఇదే వరస.

ఫ్రెండ్ లవ్ బాంబింగ్ అంటోంది. కానీ అందులో కంట్రోల్ చెయ్యడం కూడా ఉంటుంది కదా, ఇతను ఫోన్ చెక్ చెయ్యడం, ఎవరితోనూ తిరగొద్దనడం ఎప్పుడూ లేదు. దగ్గరితనం అంటే భయమా? వర్క్ టెన్షన్ అంటాడు, మరి నేను దూరమైనప్పుడే ఆ టెన్షన్ ఎలా తగ్గుతుంది? ఎప్పుడొస్తాడో తెలీకపోవడం వల్లే నాకు ఇంకా పిచ్చెక్కుతోందని తెలుస్తూనే ఉంది.

సూటిగా అడుగుదామనుకుంటున్నా. ఎలా అడగాలి, ఏ జవాబొస్తే ఆపెయ్యాలి? దాటినవాళ్లు చెప్పండి ప్లీజ్.